మాటలు ఆగిపోయిన ఇద్దరు సహోద్యోగులకు ఒకే ఈమెయిల్ ఎలా రాయాలి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. జూన్, జూలై నెలల్లో తోతాపురి లారీలు గేటు ముందు బారులు తీరినప్పుడు పోట్లాడుకునే తీరిక ఎవరికీ ఉండదు. కాయల హడావుడి తగ్గి, డ్రమ్ములు గోడౌన్‌కి చేరి, కంటైనర్లు చెన్నై పోర్టుకు బయల్దేరే రోజుల్లో పాత లెక్కలన్నీ పైకి తేలతాయి. అలాంటి ఒక తగాదానే ఉదాహరణగా తీసుకుందాం. పేర్లు, సంఘటన నేను అనుకున్నవే.

డిస్పాచ్ చూసే మునిరత్నం, ల్యాబ్ చూసే హేమలత. గుజ్జును స్టెరిలైజ్ చేసి సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెట్టాక వెంటనే బండెక్కించరు. శాంపిళ్లను కొన్ని రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, సూక్ష్మజీవులేమీ పెరగలేదని తేల్చుకున్నాకే ల్యాబ్ రిలీజ్ పేపర్ ఇస్తుంది. ఒక గురువారం సాయంత్రం కంటైనర్ వచ్చింది, పేపర్ రాలేదు, బండి రాత్రంతా ఫ్యాక్టరీలోనే నిలిచిపోయింది. మునిరత్నం వాట్సాప్ గ్రూపులో ‘ల్యాబ్ వాళ్లు నిద్ర లేస్తే బండి కదుల్తుంది’ అని పెట్టాడు. హేమలత ‘శాంపిల్ ఎప్పుడు పంపారో ముందు చూసుకోండి, రూల్స్ తెలియనివాళ్లకు చెప్పడం నా పని కాదు’ అని జవాబిచ్చింది. అప్పటినుంచి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. హెల్పర్ కుర్రాడి చేత చీటీలు పంపించుకుంటున్నారు. వాళ్లిద్దరికీ పైన ఉన్న ప్లాంట్ మేనేజర్ మీరే. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించాలి, దానికి ముందు ఒక మెయిల్ వెళ్లాలి.

ముందు, మెయిల్‌తో తేలే విషయమేనా చూడండి

ఈ పద్ధతి పని గురించిన తగాదాలకు, మాటామాటా అనుకున్నవాటికి పనికొస్తుంది. అన్నిటికీ కాదు. లైంగిక వేధింపుల ఫిర్యాదు ఉందంటే అది 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ముందుకు వెళ్లాల్సిన విషయం. మీరు మధ్యలో దూరి ‘కూర్చుని మాట్లాడుకోండి’ అనకూడదు. ఆ చట్టంలోనూ రాజీ ఉంది గానీ, ఫిర్యాదు చేసిన మహిళ తానే అడిగితేనే, అదీ కమిటీ ద్వారానే. కులం పేరుతో దూషించారన్నా, చెయ్యి చేసుకున్నారన్నా, బెదిరించారన్నా కూడా మీరు ఇలా మధ్యలో దూరకూడదు. ఒకరు ఇంకొకరి చేతికింద పనిచేస్తుంటే కూడా జాగ్రత్త. ‘స్వేచ్ఛగా మాట్లాడండి’ అని మీరెంత రాసినా, కింద ఉన్న మనిషికి రేపటి సెలవు చీటీ మీద సంతకం పెట్టేదెవరో గుర్తుంటుంది.

ఇంకొకటి మీ గురించే. ఆ గురువారం రాత్రి మీరే ఫోన్ చేసి హేమలత మీద కేకలేసి ఉంటే, ఈ మెయిల్ మీరు రాయకండి. హెచ్‌ఆర్‌లోనో, వేరే విభాగంలోనో ఇద్దరూ ఒప్పుకునే మనిషి చేత రాయించండి.

విడివిడిగా కలిసి, ఒక్క ప్రశ్నే అడగండి

మెయిల్ ఊడిపడినట్టు రాకూడదు. ఒకే రోజు, ఇంచుమించు ఒకే సమయం, పది నిమిషాలకు మించకుండా ఇద్దర్నీ వేర్వేరుగా కలవండి. ఒకరితో ఉదయం, ఇంకొకరితో మూడు రోజుల తర్వాత మాట్లాడితే, రెండోవాళ్లు ‘వాళ్ల మాట ముందే విని వచ్చాడు’ అనుకుంటారు. అందులో తప్పు కూడా ఏమీ లేదు.

అడగాల్సింది ఇంతే: ‘ముగ్గురం కూర్చుని ఈ విషయం మాట్లాడుకోవాలని అనుకుంటున్నాను. మీకు సరేనా? ఏమైనా ఇబ్బంది ఉందా?’ కథంతా చెప్పడం మొదలుపెడతారు. కాసేపు వినండి, కానీ లోతుకు వెళ్లకండి. ఇక్కడ విన్న మాటలే తెలియకుండా మెయిల్‌లోకి జారిపోతాయి. మునిరత్నం ‘ఆవిడ ఎప్పుడూ ఇంతే సార్’ అన్నాక మీరు రాసే వాక్యంలో ‘తరచుగా జరుగుతున్న ఆలస్యాలు’ అన్న మాట దానంతటదే వచ్చి కూర్చుంటుంది. హేమలత ఆ మాట చదివిన క్షణంలోనే అది ఎవరి నోటినుంచి వచ్చిందో పోల్చుకుంటుంది.

ఎవరైనా ‘ఆయన ముందు కూర్చోవాలంటే భయంగా ఉంది’ అంటే ఆగండి. ‘కోపంగా ఉంది’ వేరు, ‘భయంగా ఉంది’ వేరు. భయం ఎందుకో తెలుసుకోకుండా మెయిల్ పంపకండి.

జరిగినదాన్ని చెప్పే వాక్యం

మెయిల్ మొత్తంలో కష్టమైనది ఈ రెండు మూడు వాక్యాలే. మర్యాద మాటలు ఎన్ని పేర్చినా ఇక్కడ తూకం తప్పితే మిగతాది ఎవరూ చదవరు. చాలామంది మొదటిసారి ఇలా రాస్తారు:

‘గత గురువారం రిలీజ్ పేపర్ ఆలస్యం కావడం వల్ల కంటైనర్ ఆగిపోయింది. దీనిపై గ్రూపులో కొన్ని అనవసరమైన మెసేజ్‌లు వచ్చాయి. ఇది చిన్న విషయమే, ఇద్దరూ సీనియర్లు కాబట్టి సర్దుకుపోతారని ఆశిస్తున్నాను.’

చూడటానికి మెత్తగానే ఉంది. ఇప్పుడు హేమలత కుర్చీలో కూర్చుని చదవండి. ‘పేపర్ ఆలస్యం కావడం వల్ల’ అనడంతోనే కారణం తేల్చేశారు. శాంపిల్ ఆలస్యంగా వచ్చిందన్నది ఆమె వాదన, దానికి ఈ వాక్యంలో చోటే లేదు. తర్వాత మునిరత్నం కుర్చీలోకి రండి. రాత్రంతా బండి దగ్గర కాపలా ఉండి, డ్రైవర్ చేత, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల చేత మాటలు పడ్డ మనిషికి ‘ఇది చిన్న విషయమే’ అన్న మాట ఎలా ఉంటుంది? ‘అనవసరమైన’ అన్నది తీర్పు. ‘సర్దుకుపోతారని’ అనడమంటే మీటింగ్ ఫలితం ముందే చెప్పేయడం.

దాన్నే ఇలా మార్చి చూడండి:

‘గత గురువారం సాయంత్రం లోడ్ కావాల్సిన కంటైనర్ శుక్రవారం ఉదయం వెళ్లింది. ఆ సందర్భంలో మీ ఇద్దరి మధ్య గ్రూపులో మెసేజ్‌లు నడిచాయి. అప్పటినుంచి శాంపిళ్ల, రిలీజ్ పేపర్ల సమాచారం మీ మధ్య నేరుగా కాకుండా వేరేవాళ్ల ద్వారా వెళ్తోంది. దీనివల్ల రెండు విభాగాల పనికీ ఇబ్బంది అవుతోందని నాకు అనిపిస్తోంది.’

కంటైనర్ ఎప్పుడు వెళ్లింది, మెసేజ్‌లు నడిచాయి, సమాచారం వేరేవాళ్ల ద్వారా వెళ్తోంది. ఈ మూడింటినీ ఇద్దరూ కాదనలేరు. ఎందుకు అన్నది ఎక్కడా లేదు, ఎందుకంటే అది తేల్చడానికే కూర్చుంటున్నారు. నాలుగో వాక్యం మీ అభిప్రాయం, అందుకే ‘నాకు అనిపిస్తోంది’ అని దాన్ని మీదిగానే రాశారు. మెసేజ్‌ల్లోని మాటల్ని మళ్లీ ఎత్తి రాయకండి. ‘నిద్ర’ అన్న మాట మెయిల్‌లో కనబడిందంటే పుండు మీద కారం చల్లినట్టే.

అలాగని ‘ఇద్దరిదీ తప్పుంది’ అని సమానంగా పంచడమూ తటస్థంగా ఉండటం కాదు. అది కూడా విచారణ లేకుండా ఇచ్చిన తీర్పే, కాకపోతే ఇద్దరి మీదా ఇచ్చారు.

ఏది మాట్లాడుకోవచ్చు, ఏది కుదరదు

ఇది చాలామంది వదిలేస్తారు. మీటింగ్‌లో మునిరత్నం ‘అర్జెంటు బండ్లకు టెస్ట్ పూర్తవకముందే పేపర్ ఇవ్వొచ్చుగా’ అని అడిగే అవకాశం ఉంది. అది బేరానికి వచ్చే విషయం కాదు. తినే వస్తువును వదలాలా, ఆపాలా అన్న నిర్ణయం ల్యాబ్‌దే. ఈ సంగతి ముందే చెప్పకపోతే హేమలత తన ఉద్యోగ ధర్మమే పంచాయితీకి వచ్చిందన్న టెన్షన్‌తో వస్తుంది. ఒక్క ల్యాబ్ గురించే రాస్తే మాత్రం మీరు ఆవిడ పక్షమని మునిరత్నం అనుకుంటాడు. అందుకే రెండు వైపులా కదలని వాటిని పక్కపక్కనే రాయండి: బ్యాచ్ రిలీజ్ నిర్ణయం ల్యాబ్‌ది, బండ్ల షెడ్యూల్ డిస్పాచ్‌ది. శాంపిల్ ఎప్పుడు చేరాలి, ఆలస్యమయ్యేలా ఉంటే ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పాలి అన్నవే చర్చకు వస్తాయి.

నియమాలు

ఐదారుకు మించొద్దు. ఎక్కువైతే స్కూల్ నోటీసు బోర్డులా ఉంటుంది. ‘ఒకరినొకరు గౌరవించుకోవాలి’ లాంటివి రాయకండి. దాన్ని ఎవరు ఎప్పుడు మీరారో చెప్పలేం, అందుకే దాన్ని అమలు చేయలేం. మీరినప్పుడు కంటికి కనబడేదే నియమంగా పెట్టండి. ‘ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో అందుకోకూడదు’ అన్నది కనబడుతుంది.

ముందు ఎవరు మాట్లాడాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మొదట మాట్లాడినవాళ్ల కథే అసలు కథ అయి, రెండోవాళ్లది సంజాయిషీ అయిపోతుంది. చీటీ తీద్దామని మెయిల్‌లోనే రాయండి.

స్క్రీన్‌షాట్ల గురించి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఇద్దరూ ఫోన్ల నిండా తెచ్చుకుంటారు, మీటింగ్ కాస్తా సాక్ష్యాల విచారణ అవుతుంది. వాటి బదులు ల్యాబ్ శాంపిల్ రిజిస్టరు, డిస్పాచ్ రిజిస్టరు రెండూ మీరే తెచ్చి బల్ల మీద పెడతానని రాయండి. శాంపిల్ ఎన్ని గంటలకు చేరిందో, పేపర్ ఎన్ని గంటలకు వచ్చిందో అందులో ఉంటాయి. ఇద్దరూ ఒకే కాగితం చూస్తారు.

గోప్యత గురించి రాసేటప్పుడు మీరు నిలబెట్టుకోగలిగినంతే మాటివ్వండి. ‘ఏదీ బయటికి పోదు’ అని రాసి, మాటల్లో టెస్ట్ కాకుండానే ఏదో బ్యాచ్ వెళ్లిందని బయటపడితే మీరు ఊరుకోగలరా? ఊరుకోకూడదు కూడా. ఆ మినహాయింపు ముందే రాయాలి.

ఇక ఎవరైనా ఆగుదామంటే ఆగాలి, కారణం అడగకూడదు. ఈ ఒక్క నియమం ఉందని తెలిస్తేనే కొందరు రావడానికి ఒప్పుకుంటారు. చివరగా, ఇవి మీ ప్రతిపాదనలే, మార్పులుంటే చెప్పమని అడగండి. ఒక నియమం తామే కలిపించుకున్నవాళ్లు అక్కడ దాన్ని సులభంగా దాటరు.

చోటు, వేళ, భాష

ల్యాబ్‌లో వద్దు, డిస్పాచ్ షెడ్డులో వద్దు. మీ క్యాబిన్‌లో మీ పెద్ద బల్లకు అవతల ఇద్దర్నీ కూర్చోబెడితే అది సంజాయిషీ అడిగినట్టుంటుంది. ట్రైనింగ్ రూమ్ లాంటిది చూడండి, అద్దాల గది మాత్రం కాకుండా. లోడింగ్ ఒత్తిడి ఉండే సాయంత్రాలు, ల్యాబ్ వాళ్లు రీడింగులు తీసుకునే వేళలు వదిలేసి రెండు సమయాలు ఇవ్వండి. మెయిల్ పంపాక రెండు మూడు రోజుల్లో మీటింగ్ పడేలా చూడండి. శనివారం సాయంత్రం పంపితే ఆదివారమంతా ఇంట్లో దాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటారు.

మన దగ్గర ఆఫీసు మెయిళ్లు ఇంగ్లీషులోనే నడుస్తాయి. కానీ ఇద్దరిలో ఒకరికే ఇంగ్లీషు ధారాళంగా వస్తే, ఆ మెయిల్ భాషతోనే ఒక పక్షం తీసుకున్నట్టు. ఇద్దరికీ తేలికైన భాషలో రాయండి. గుడియాత్తం, వేలూరు వైపు నుంచి వచ్చి తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివాళ్లు ఉంటారు, అది కూడా చూసుకోండి.

మెయిల్ ఇలా ఉండొచ్చు

విషయం: శాంపిల్, రిలీజ్ సమాచారం గురించి ముగ్గురం మాట్లాడుకుందాం

మునిరత్నం గారికి, హేమలత గారికి, నమస్కారం.

నిన్న మీ ఇద్దరితో విడివిడిగా చెప్పినట్టు ఈ మెయిల్ రాస్తున్నాను. ఇద్దరికీ ఇదే మెయిల్, వేరే ఎవరికీ పంపడం లేదు.

గత గురువారం సాయంత్రం లోడ్ కావాల్సిన కంటైనర్ శుక్రవారం ఉదయం వెళ్లింది. ఆ సందర్భంలో మీ ఇద్దరి మధ్య గ్రూపులో మెసేజ్‌లు నడిచాయి. అప్పటినుంచి శాంపిళ్ల, రిలీజ్ పేపర్ల సమాచారం మీ మధ్య నేరుగా కాకుండా వేరేవాళ్ల ద్వారా వెళ్తోంది. దీనివల్ల రెండు విభాగాల పనికీ ఇబ్బంది అవుతోందని నాకు అనిపిస్తోంది. జరిగినదాన్ని మీరిద్దరూ ఎలా చూస్తున్నారో నాకు పూర్తిగా తెలియదు, అది వినాలనే కూర్చుందామంటున్నాను.

ఇది విచారణ కాదు, ఇందులో ఎవరి మీదా చర్య ఉండదు. బ్యాచ్ రిలీజ్ నిర్ణయం ల్యాబ్‌ది, బండ్ల షెడ్యూల్ డిస్పాచ్‌ది. ఆ రెండూ మారవు. సమాచారం ఎప్పుడు, ఎలా అందాలన్నదీ, మన మధ్య మాట ఎలా ఉండాలన్నదీ మాట్లాడుకుందాం.

నా వైపు నుంచి కొన్ని నియమాలు:
1. ముందు ఎవరన్నది చీటీ తీసి చూద్దాం. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, మధ్యలో ఎవరూ అందుకోకూడదు. నేను కూడా.
2. జరిగిన సంఘటన గురించి మాట్లాడదాం, మనిషి స్వభావం గురించి కాదు. ‘ఫలానావాళ్లు కూడా ఇలాగే అన్నారు’ అని వేరేవాళ్ల మాటలు తేవద్దు.
3. ఫోన్లు పక్కన పెడదాం. రికార్డింగ్, స్క్రీన్‌షాట్లు వద్దు. రెండు రిజిస్టర్లూ నేను తెస్తాను.
4. ఎవరు ఆగుదామన్నా పది నిమిషాలు ఆగుదాం. ఇంకో రోజుకు వాయిదా వేద్దామన్నా సరే.
5. అక్కడి మాటలు ముగ్గురి మధ్యే ఉంటాయి. ఆహార భద్రత, మనుషుల భద్రత విషయాలు బయటపడితే మాత్రం నేను చెప్పాల్సినవాళ్లకు చెప్పాలి. చివర్లో ముగ్గురం ఒప్పుకున్నది ఒక కాగితం మీద రాసుకుందాం.

వీటిలో మార్చాల్సినవి, కలపాల్సినవి ఉంటే చెప్పండి.

ట్రైనింగ్ రూమ్‌లో బుధవారం ఉదయం 11 గంటలకు గానీ, గురువారం ఉదయం 11 గంటలకు గానీ కూర్చోవచ్చు. గంట పట్టొచ్చు. మీకు ఏది వీలో మంగళవారం మధ్యాహ్నంలోపు నాకు ఒక్కడికే జవాబివ్వండి. అప్పటిదాకా ఈ విషయం గ్రూపులో రాయవద్దని ఇద్దర్నీ కోరుతున్నాను. ఏదైనా అడగాలంటే ఫోన్ చేయండి.

ఇట్లు,
(మీ పేరు)

పంపేముందు

పేర్లు తారుమారు చేసి ఒకసారి చదవండి. ల్యాబ్ ఉన్నచోట డిస్పాచ్, హేమలత ఉన్నచోట మునిరత్నం. ఏ వాక్యమైనా అప్పుడు ఎబ్బెట్టుగా అనిపిస్తే అక్కడ మొగ్గు ఉన్నట్టే. పేర్ల క్రమం అక్షరమాల ప్రకారం పెట్టండి, అడిగితే చెప్పుకోవడానికి ఉంటుంది. ఒకరికి ‘గారు’, ఇంకొకరికి రోజూ పిలిచే చనువుతో ‘మునిరత్నం అన్నా’ అని రాస్తే అక్కడే చెడింది. ‘మీరు’ అంటే ఒకరికా, ఇద్దరికా అని సందేహం వచ్చే చోట ‘మీరిద్దరూ’ అనే రాయండి. ఇద్దరి అడ్రసులూ To లోనే ఉండాలి. ఒకరు To లో, ఇంకొకరు CC లో ఉంటే రెండోవాళ్లు ప్రేక్షకులైపోతారు. మీ పైవాళ్లను BCC లో పెట్టడం మరీ ప్రమాదం. ‘వేరే ఎవరికీ పంపడం లేదు’ అని రాసి అలా చేస్తే, తెలిసిన రోజున మీ మాటకు విలువుండదు.

‘ఎవరి మీదా చర్య ఉండదు’ అన్న వాక్యం కూడా ఒకసారి ఆలోచించి ఉంచండి. ఆ గురువారం విషయం ఇప్పటికే హెడాఫీసు ఫైలుకెక్కి ఉంటే ఆ మాట ఇచ్చే అధికారం మీకు లేదు. అప్పుడు ‘ఈ మాటలు ఆ ఫైలుకు సంబంధం లేనివి’ అని రాయొచ్చా అని హెచ్‌ఆర్‌ను ముందే అడగండి.

జవాబులు వచ్చాక

మునిరత్నం Reply All కొట్టి ‘నేను రెడీ సార్, ముందు ఆవిడ గ్రూపులో సారీ చెప్పాలి’ అని రాస్తే, మీరూ అందరికీ జవాబు పెట్టి వాదనలోకి దిగకండి. ఇద్దరికీ రెండే వాక్యాలు చాలు: ‘జవాబు అందింది. జరిగిన విషయాలు మెయిల్‌లో కాకుండా మీటింగ్‌లో మాట్లాడదాం, అప్పటిదాకా జవాబులు నాకే పంపండి.’ తర్వాత మునిరత్నంతో విడిగా మాట్లాడండి. సారీ కావాలని అతను తన ఏడు నిమిషాల్లో అడగొచ్చు, రావడానికి షరతుగా మాత్రం పెట్టకూడదని చెప్పండి. ఈ ఫోన్ చేసిన రోజే హేమలతకూ చేసి, ఆమెకేమైనా చెప్పాలని ఉందా అని అడగండి.

ఒకరి దగ్గర్నుంచి జవాబే రాకపోతే గుర్తుచేసే మెయిల్ ఇద్దరికీ పంపకండి. ఎవరు ఇవ్వలేదో రెండోవాళ్లకు అర్థమైపోతుంది. వెళ్లి కలవండి. రానంటే ఒత్తిడి పెట్టొద్దు. బలవంతంగా వచ్చిన మనిషి చేతులు కట్టుకుని గంటసేపు కూర్చుని వెళ్తాడు, అంతే. అప్పుడు కూర్చోబెట్టే ఆలోచన పక్కనపెట్టి, శాంపిల్ ఎన్ని గంటలకు చేరాలి, ఆలస్యమైతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మేనేజర్‌గా మీరే నిర్ణయించి, రెండు విభాగాలకూ ఒకే కాగితంగా ఇవ్వండి. ఇద్దరూ మాట్లాడుకోకపోయినా బండి ఆగదు, కూర్చునే విషయం తర్వాత మళ్లీ అడగొచ్చు.

ఇద్దరూ సరేనంటే, వాళ్లు చెప్పిన మార్పులతో నియమాలను మళ్లీ రాసి ముందురోజు ఇద్దరికీ పంపండి. ఏ మార్పు ఎవరడిగారో మాత్రం అందులో రాయకండి. మూడు ప్రింట్లు తీసి, రెండు రిజిస్టర్లతో పాటు బల్ల మీద పెట్టుకోండి.